శంఖిని నీరు ఎర్రబడితే లెక్క ఎవరిది?

దంతెవాడలో దంతేశ్వరి గుడి దగ్గర రెండు ఏరులు కలుస్తాయి. ఒకటి డంకిని, రెండోది శంఖిని. రెండూ కలిసి ఇంద్రావతిలోకి, ఇంద్రావతితో పాటు గోదావరిలోకి చేరతాయి. శంఖిని పుట్టుక బైలడిలా కొండల్లో. వానాకాలంలో ఈ ఏరు ఇటుక రంగులో పారుతుంది. బస్తర్ మట్టే ఎర్రది కాబట్టి వాన నీటికి కొంత రంగు సహజంగానే వస్తుంది. కానీ ఎగువన ఇనుప ఖనిజం కడిగిన బురద కూడా ఇందులో కలుస్తోందని, పొలాలు పాడవుతున్నాయని, చేపలు తగ్గాయని ఒడ్డున ఉన్న ఊళ్లు దశాబ్దాలుగా ఫిర్యాదు చేస్తున్నాయి.

బైలడిలా అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి ఆ కొండల వరస అలాగే కనిపిస్తుంది. 1930లలో క్రూక్‌షాంక్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడి ఇనుప ఖనిజ నిక్షేపాలను గుర్తించి, 14 అంకెలు వేశాడు. ఇవాళ్టికీ వాటిని ఆ అంకెలతోనే పిలుస్తారు. 1968లో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ కిరండుల్‌లో తవ్వకం మొదలుపెట్టింది. అరకు మీదుగా విశాఖపట్నం చేరే కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం ఈ ఖనిజం కోసం వేసిందే. అరకు రైలెక్కిన పర్యాటకులు కిటికీలోంచి చూసే ఆ పొడవాటి గూడ్సు బండ్లలో వచ్చే సరుకు ఇదే.

ఆ సరుకు ధరలో తవ్వే కూలి ఉంటుంది. యంత్రాల ఖర్చు, రైలు కిరాయి, ప్రభుత్వానికి కట్టే రాయల్టీ ఉంటాయి. శంఖిని ఒడ్డున ఒక రైతు మడిలో పేరుకున్న బురద ఖర్చు మాత్రం ఉండదు. ఖనిజం అమ్మేవాడు దాన్ని చెల్లించడు, కొనేవాడూ చెల్లించడు. ఆ బేరంలో ఏ పాత్రా లేని మూడో మనిషి భరిస్తాడు. అర్థశాస్త్రంలో దీన్ని బాహ్య ప్రభావం అంటారు. దీన్ని సరిదిద్దడానికి ప్రధానంగా రెండు దారులు చెబుతారు. ఒకటి పన్ను, రెండోది బేరం. రెండూ కాగితం మీద చక్కగా పనిచేస్తాయి. బైలడిలా కొండ కింద అవి ఎక్కడ తడబడతాయో చూస్తే రెండింటి అసలు స్వరూపం తెలుస్తుంది.

బురద ఎక్కడి నుంచి వస్తుంది

ముందు బురద సంగతి. కొండ మీద పేల్చి తీసిన రాయిని పిండి చేసి, జల్లెడల మీద నీళ్లు పోస్తూ జల్లిస్తారు. పెద్ద ముక్కలు ఒక దారిలో, సన్నవి ఒక దారిలో వెళ్తాయి. ఇక మిగిలేది పిండిలాంటి ఖనిజమూ బంకమట్టీ కలిసిన నీరు. దీన్ని స్లైమ్ అంటారు. ఈ నీటిని పెద్ద తొట్టెల్లో తేర్చి, చిక్కబడిన బురదను లోయకు అడ్డంగా కట్టిన టెయిలింగ్ డ్యామ్‌లోకి పంపుతారు. కిరండుల్ దగ్గర కడంపాల్‌లో ఉన్నది అలాంటిదే. బురద అడుగుకు చేరుతుంది, పైన తేరిన నీటిని మళ్లీ వాడుకోవచ్చు.

డ్యామ్ సగం నిండాక చిక్కు మొదలవుతుంది. లోతు తగ్గేకొద్దీ నీరు నిలిచే సమయం తగ్గుతుంది, సన్నని రేణువులు తేరక ముందే పొర్లి పోతాయి. ఎత్తు పెంచడానికో, పూడిక తీయడానికో డబ్బు పెట్టాలి. ఇది కాక, తవ్వి పక్కన పోసిన వ్యర్థపు మట్టి గుట్టల మీద వాన పడితే ఆ మట్టి కూడా వాగుల్లోకి దిగుతుంది. దీన్ని ఆపడానికి చిన్న చిన్న చెక్ డ్యామ్‌లు కడతారు. 2024 జూలైలో కుండపోత వానలకు కిరండుల్ పట్టణం ఇళ్లలోకే కొండ మీది ఎర్ర బురద నీరు దూసుకొచ్చింది.

బురదను పూర్తిగా ఆపడం అసాధ్యం కాదు. కానీ ఆపేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. మొదటి కొంత భాగాన్ని ఒక కట్టతో ఆపవచ్చు. ఆ తర్వాతి భాగానికి పెద్ద తొట్టెలు కావాలి. చివరి కొంత భాగానికి యంత్రాలతో వడగట్టి, ఎండబెట్టి, పొడిగా పేర్చాలి. పన్ను గురించైనా బేరం గురించైనా చెప్పాలంటే ఈ మెట్లే ఆధారం.

ఒక ఊహా లెక్క

ఒక జల్లెడ కేంద్రం నెలకు 5 మోతాదుల బురద ఏట్లోకి వదులుతుందనుకోండి. అంకెలు లెక్క కోసం ఊహించినవే. మొదటి మోతాదును ఆపడానికి కేంద్రానికి 1 లక్ష ఖర్చు. రెండో దానికి 2 లక్షలు, మూడో దానికి 4, నాలుగో దానికి 7, అయిదో దానికి 12 లక్షలు. ఏట్లోకి చేరిన ఒక్కో మోతాదు వల్ల దిగువ ఊళ్లకు జరిగే నష్టం 5 లక్షలు.

ఎవరూ అడగకపోతే కేంద్రం అయిదూ వదిలేస్తుంది. దిగువన నష్టం 25 లక్షలు. మొత్తం నిషేధిస్తే ఊళ్లకు నష్టం ఉండదు, కానీ ఆపే ఖర్చు 26 లక్షలవుతుంది. రెండూ దాదాపు ఒకే బరువు. మొదటి మూడు మోతాదులు ఆపి, చివరి రెండూ వదిలితే? ఆపే ఖర్చు 7 లక్షలు, మిగిలిన నష్టం 10 లక్షలు, మొత్తం 17. అందరి ఖర్చూ ఒకే సంచిలో వేసి చూస్తే ఇదే తక్కువ. ఎందుకంటే మొదటి మూడింటిని ఆపే ఖర్చు వాటి వల్ల వచ్చే నష్టం కన్నా తక్కువ, చివరి రెండింటిని ఆపే ఖర్చు నష్టం కన్నా ఎక్కువ.

ఈ 17 లక్షలు ఎవరి జేబులోంచి పోవాలన్నది ఈ లెక్క చెప్పదు. రెండు మోతాదుల బురద తాగే ఊరికి ఇది న్యాయంగా అనిపించకపోవచ్చు. మొత్తం నష్టం ఎక్కడ తక్కువ అనే ఒక్క ప్రశ్నకే ఇది జవాబు.

పిగూ చెప్పిన పన్ను

కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రం బోధించిన ఆర్థర్ పిగూ 1920లో తెచ్చిన పుస్తకంలో ఒక ఉపాయం చెప్పాడు. ఇతరులకు కలిగించే నష్టం ఎంతో, అంత పన్ను ఆ పని మీద వేయాలి. మన లెక్కలో ఒక్కో మోతాదు మీద 5 లక్షలు. అప్పుడు కేంద్రం మేనేజరు ప్రతి మోతాదుకూ ఒకటే ప్రశ్న వేసుకుంటాడు: ఆపితే చవకా, పన్ను కడితే చవకా? మొదటి మూడింటికీ ఆపడమే చవక. చివరి రెండింటికీ పన్ను కట్టడం చవక. ప్రభుత్వానికి అతని ఖర్చుల పట్టిక తెలియకపోయినా, అతనే సరైన చోట ఆగుతాడు. పన్ను 3 లక్షలే వేస్తే రెండు మోతాదుల దగ్గరే ఆగిపోతాడు, మొత్తం భారం 18 లక్షలకు పెరుగుతుంది.

ఈ ఉపాయం పనిచేయాలంటే పన్ను బురద మీదే పడాలి. ఖనిజం మీద పడితే చాలదు. బస్తర్‌లో ఇవాళ ఉన్న ఏర్పాటుతో తేడా సరిగ్గా ఇక్కడే వస్తుంది.

2015లో గనుల చట్టాన్ని సవరించి, గనులున్న ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. గనుల వల్ల ఇబ్బంది పడ్డ ప్రాంతాల కోసమే ఈ నిధి. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజుదారులు తాము కట్టే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని అదనంగా ఇందులో జమ చేయాలి. ఇనుప ఖనిజం రాయల్టీ సగటు అమ్మకపు ధరలో 15 శాతం. టన్ను ధర 4,000 రూపాయలనుకుంటే రాయల్టీ 600, నిధికి 180. దంతెవాడ లాంటి జిల్లాకు ఇది పెద్ద ఆదాయం. అక్కడ బడులకు, ఆసుపత్రులకు, తాగునీటికి ఈ డబ్బే ఆధారం.

చూడటానికి ఇది పిగూ పన్నులాగే ఉంటుంది. గని కడుతోంది, నష్టపోయిన జిల్లాకు చేరుతోంది. కానీ జల్లెడ కేంద్రం మేనేజరు బల్ల దగ్గర కూర్చుని చూడండి. కడంపాల్ డ్యామ్‌లో పూడిక తీసినా టన్నుకు 180 రూపాయలే, తీయకపోయినా 180 రూపాయలే. బురద ఆపడానికి పెట్టే ప్రతి రూపాయీ అదనపు ఖర్చే, దానివల్ల నిధికి కట్టేది ఒక్క పైసా తగ్గదు. ఊహా లెక్కలో చెప్పాలంటే, నెలకు 20 లక్షలు వసూలు చేసినా అయిదు మోతాదులూ ఏట్లోకే వెళ్తాయి. వసూలైన డబ్బుతో ఊరికి మంచి బడి రావచ్చు, ఏరు మాత్రం ఎర్రగానే ఉంటుంది. మహా అయితే ఖనిజం ధర పెరిగి తవ్వకం కాస్త తగ్గితే, ఆ మేరకు బురద తగ్గవచ్చు. చేయి నొప్పికి కాలికి కట్టు కట్టినట్టు ఉంటుంది ఈ పద్ధతి.

పైగా ఖనిజం ధర పెరిగితే నిధి పెరుగుతుంది, పడిపోతే తగ్గుతుంది. ఒక మోతాదు బురద చేసే నష్టానికి ఉక్కు బజారుతో సంబంధం లేదు. అంతేకాదు, ఏటా ఖనిజం తగ్గకుండా వస్తేనే జిల్లా బడ్జెట్ నడుస్తుంది కాబట్టి, బురద గురించి గట్టిగా అడగాల్సిన యంత్రాంగానికే తవ్వకం ఆగకూడదన్న ఆసక్తి పుడుతుంది.

నీటి మీదే నేరుగా వేసిన రుసుము మన దేశంలో ఒకప్పుడు ఉండేది. 1977లో వచ్చిన నీటి సెస్ చట్టం పరిశ్రమలు వాడే నీటికి రుసుము వేసింది, శుద్ధి చేసే ఏర్పాటు ఉన్నవాళ్లకు 25 శాతం తగ్గింపు ఇచ్చింది. ఆలోచన సరైనదే. కానీ రేట్లు వెయ్యి లీటర్లకు పైసల్లో ఉండేవి. పైసల కోసం ఎవరూ డ్యామ్ ఎత్తు పెంచరు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ సెస్ కూడా పోయింది.

బురద మీదే పన్ను వేయాలంటే ముందు బురదను కొలవాలి. ఇది వినడానికి తేలిక. ఏట్లో ఒక లీటరు నీరు తీసి, వడగట్టి, మిగిలిన మట్టిని తూచితే ఎన్ని మిల్లీగ్రాములో తెలుస్తుంది. వ్యర్థ జలాలను నదుల్లోకి వదిలేటప్పుడు దేశంలో సాధారణ పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు. కానీ ఇది గాఢతకు పరిమితి, మొత్తానికి కాదు. నీళ్లు ఎక్కువ కలిపి వదిలితే పరిమితిలోనే ఉండి ఎంత బురదైనా పంపవచ్చు. పన్ను వేయాలంటే గాఢతతో పాటు ప్రవాహం కూడా తెలియాలి. అది కూడా ఏటా ఒకసారి కాదు, వాన పడే ప్రతి రోజూ తెలియాలి.

ఇక ఆ బురద ఎవరిదన్న వాదన ఉండనే ఉంది. బస్తర్ మట్టి ఎర్రదే కాబట్టి, ఏరు ఎర్రబడితే అది కొండ స్వభావమని కంపెనీ అనవచ్చు. దీనికి జవాబు వెతకడానికి రెండు ఆధారాలున్నాయి. ఒకటి, గని నీరు కలిసే చోటుకు పైన ఒక నమూనా, కింద ఒక నమూనా ఒకే గంటలో తీయడం. రెండోది కాలం. వాన లేని జనవరిలో, ఫిబ్రవరిలో కొండ మట్టి దానంతట అది కొట్టుకు రాదు. అప్పుడు కూడా వాగు ఎర్రగా పారుతుంటే అది జల్లెడ కేంద్రం నుంచో, డ్యామ్ నుంచో వచ్చే నీరు కావడానికే అవకాశం ఎక్కువ. జూలైలో మాత్రం గుట్టల మట్టి, పొలాల మట్టి, డ్యామ్ పొర్లు అన్నీ కలిసిపోతాయి. అసలు బురద ఎక్కువగా పారేది కూడా అప్పుడే. కొలవడం ఎప్పుడు అవసరమో అప్పుడే కష్టమవుతుంది.

మరో చిక్కు చిన్నదే కానీ మరిచిపోకూడనిది. లాభం తగ్గుతుందనే భయం ఉన్నవాడి మీదే పన్ను పనిచేస్తుంది. ఎన్‌ఎండీసీలో పెద్ద వాటాదారు కేంద్ర ప్రభుత్వమే. అక్కడ పన్నులో చాలా భాగం ప్రభుత్వపు ఒక జేబులోంచి మరో జేబులోకి వెళ్తుంది. డ్యామ్ పనికి అనుమతిచ్చే అధికారి సొంత లెక్కలో ఆ పన్ను ఎక్కడైనా కనిపిస్తేనే అది బురదను ఆపుతుంది.

కోస్ అడిగిన ప్రశ్న

1960లో రొనాల్డ్ కోస్ అనే అర్థశాస్త్రవేత్త పిగూ దారిని ప్రశ్నించాడు. అతని ఉదాహరణ పశువుల కాపరి, పక్కనే పంట వేసిన రైతు. ఆవులు చేలో పడుతున్నాయి. పన్ను ఎందుకు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోలేరా అన్నాడు. చేను మీద హక్కు ఎవరిదో చట్టం స్పష్టంగా చెప్పి, బేరమాడటానికి ఖర్చేమీ కాకపోతే, హక్కు ఏ వైపు ఉన్నా ఆవుల సంఖ్య చివరికి ఒకే చోట కుదురుతుందని చూపించాడు. ఈ కృషికి 1991లో నోబెల్ బహుమతి వచ్చింది. దీన్నే తర్వాత కోస్ సిద్ధాంతం అన్నారు.

మన లెక్కలో పెట్టి చూస్తే, శుభ్రమైన నీటి మీద హక్కు ఊరిదే అనుకోండి. అప్పుడు కేంద్రం ఒక్క మోతాదు వదలాలన్నా ఊరి అనుమతి కొనుక్కోవాలి. ఊరు ఒక్కో మోతాదుకు 5 లక్షల కన్నా తక్కువకు ఒప్పుకోదు. అయిదో మోతాదు ఆపడానికి తనకు 12 లక్షలవుతుంది కాబట్టి కేంద్రం సంతోషంగా 6 లక్షలు ఇస్తుంది. నాలుగోదానికి కూడా 5కూ 7కూ మధ్య బేరం కుదురుతుంది. మూడోదాన్ని 4 లక్షలతో ఆపగలిగినప్పుడు 5 లక్షలు ఎందుకు ఇస్తుంది? కాబట్టి మూడు ఆపి, రెండు వదులుతుంది.

ఇప్పుడు తిరగేయండి. బురద వదిలే హక్కు కేంద్రానిదే అనుకోండి. అప్పుడు ఊరే వెళ్లి బతిమాలి డబ్బిచ్చి ఆపించుకోవాలి. మొదటి మోతాదు ఆపితే ఊరికి 5 లక్షలు మిగులుతాయి, కేంద్రానికి ఖర్చు 1 లక్ష. మధ్యలో ఎక్కడో బేరం కుదురుతుంది. రెండోదానికి, మూడోదానికీ అంతే. నాలుగోదానికి కేంద్రం 7 లక్షలు అడుగుతుంది, ఊరికి దాని విలువ 5. బేరం అక్కడ ఆగుతుంది. ఈసారి కూడా మూడు ఆగాయి, రెండు పారాయి.

ఏట్లో బురద రెండు సందర్భాల్లోనూ ఒకటే. కానీ మొదటి సందర్భంలో ఊరి చేతికి కనీసం 10 లక్షలు వచ్చాయి, రెండు మోతాదుల నష్టం పూడింది. రెండో సందర్భంలో ఊరు కనీసం 7 లక్షలు కట్టి, మిగిలిన 10 లక్షల నష్టాన్నీ భరించింది.

కోస్ పేరు చెప్పి, ప్రభుత్వం తప్పుకుంటే చాలు, బజారే అన్నీ సర్దుకుంటుందని వాదించేవాళ్లున్నారు. కోస్ ఉద్దేశం దాదాపు దీనికి ఎదురు. బేరానికి ఖర్చు లేని లోకం ఎక్కడా లేదని, అసలు అధ్యయనం చేయాల్సింది ఆ ఖర్చులనేనని అతను పదేపదే చెప్పుకున్నాడు. బస్తర్‌లో ఆ ఖర్చులు కళ్లకు కనిపిస్తాయి.

హక్కు ఎవరి చేతిలో ఉంది

మొదట హక్కు సంగతే. మడి రైతుదే కావచ్చు, కానీ మడిలోకి వచ్చే ఏటి నీరు అతని సొత్తు కాదు. నదులు ప్రజల తరఫున ప్రభుత్వం ధర్మకర్తగా చూసుకోవాల్సిన ఆస్తి అని సుప్రీంకోర్టు 1996లో కమల్‌నాథ్ కేసులో చెప్పింది. భూమి లోపలి ఖనిజాన్ని లీజుకిచ్చేదీ ప్రభుత్వమే. అంటే ఏటికి ధర్మకర్త, గనికి లీజుదాత, ఎన్‌ఎండీసీకి పెద్ద వాటాదారు అందరూ ఏదో ఒక రూపంలో ప్రభుత్వమే. బేరానికి బల్లకు రెండు వైపులా మనుషులుండాలి. ఇక్కడ మూడు కుర్చీలూ ఒకే వైపు ఉన్నాయి, నష్టపోయినవాడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

హక్కు చట్టంలో స్పష్టంగా లేకపోతే, ఉన్న స్థితే హక్కుగా మారుతుంది. బురద ఇప్పటికే పారుతోంది కాబట్టి, ఆపించుకోవాల్సిన భారం ఊరి మీదే పడుతుంది. ఇది కోస్ చెప్పిన రెండో సందర్భం. అప్పుడు సొమ్ము ప్రశ్న ఎదురవుతుంది. మూడు మోతాదులు ఆపించుకోవడం ఊరికి లాభమే కావచ్చు, కానీ అందుకు కనీసం 7 లక్షలు చేతిలో ఉండాలి. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుని, ఒక పంట వేసుకుని బతికే ఊళ్లో ఉన్నదంతా కూడేసినా లక్షన్నరే అయితే, ఒక్క మోతాదు ఆగుతుంది, నాలుగు పారతాయి. అదే ఊరికి హక్కు ఉండి ఉంటే రెండే పారేవి. బీదవాడి చేతిలో ఉన్న హక్కు, లేని హక్కు ఒకే ఫలితం ఇవ్వవు. ఎవరిదైనా ఒకటే అనే మాట నిజం కావాలంటే రెండు వైపులా సరిపడా డబ్బుండాలి.

తర్వాతది సంఖ్య. ఏటి ఒడ్డున ఒక్క ఊరు లేదు, చాలా ఊళ్లున్నాయి. ప్రతి కుటుంబం సంతకం అవసరమైతే చివరి సంతకం చేసేవాడు ఎంతైనా అడగవచ్చు. డబ్బు పోగు చేయాల్సి వస్తే, పక్కవాడు కడితే నాకూ మంచి నీరొస్తుంది కదా అని ప్రతివాడూ తప్పుకోవచ్చు. అందరి తరఫున ఒకే గొంతుతో మాట్లాడే సభ ఒకటి ఉంటే ఈ రెండు చిక్కులూ చాలా వరకు తీరతాయి. అయిదో షెడ్యూలు ప్రాంతమైన బస్తర్‌లో అలాంటిది ఉంది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఆ స్థానం ఇచ్చాయి. అడవిని గనికి మళ్లించే ముందు గ్రామసభ సమ్మతి కావాలి.

కానీ ఆ గొంతు నిజంగా సభదేనా? ఈ ప్రశ్న 2019 జూన్‌లో కిరండుల్‌లో రోడ్డెక్కింది. ఎన్‌ఎండీసీ, రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ కలిసి పెట్టిన కంపెనీకి కేటాయించిన 13వ నిక్షేపం ఉన్న కొండ మీద చెట్లు కొట్టడం మొదలైంది. ఆ కొండ తమ దేవుడు నందరాజు నివాసమని వేలాది ఆదివాసీలు ఎన్‌ఎండీసీ ఆఫీసు ముందు రోజుల తరబడి కూర్చున్నారు. 2014లో హిరోలి గ్రామసభ ఆమోదించినట్టు చూపుతున్న తీర్మానం బూటకమని, తాము ఆ సభకు వెళ్లనే లేదని ఊరివాళ్లు చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం చెట్ల నరికివేత ఆపి, సభ మీద విచారణకు ఆదేశించింది.

అర్థశాస్త్రం భాషలో చెప్పాలంటే, హక్కు కాగితం మీద స్పష్టంగానే ఉంది. ఆ హక్కును అమ్మినట్టు సంతకం ఎవరు పెట్టారన్నదే స్పష్టంగా లేదు. సంతకాన్ని నమ్మలేకపోతే కంపెనీకి కూడా నష్టమే. అయిదేళ్ల తర్వాత పని ఆగిపోయింది.

ఇక నందరాజు కొండ మరో సంగతి బయటపెడుతుంది. ఊహా లెక్కలో ఒక్కో మోతాదు నష్టం 5 లక్షలని రాసుకున్నాం. దేవుడి కొండకు ఎంత రాయాలి? వదులుకోవడానికి ఎంత అడుగుతారని అడిగితే జవాబు లేదు, ఏ ధరకూ ఇవ్వరు. కాపాడుకోవడానికి ఎంత కట్టగలరని అడిగితే జవాబు చాలా చిన్న మొత్తం, ఎందుకంటే ఉన్నది అంతే. ఒకే కొండకు రెండు ధరలు వచ్చాయి. హక్కు ఊరిదైతే కొండ నిలుస్తుంది, కంపెనీదైతే తవ్వుడవుతుంది. కోస్ లెక్కలో హక్కు మారినా ఫలితం మారలేదు. ఇక్కడ హక్కే ఫలితం.

ఇది ఊహ కాదు. బస్తర్‌కు తూర్పున, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో ఉన్న ఒడిశా నియమగిరి కొండల్లో బాక్సైటు తవ్వకం కేసులో ఈ హక్కును నిజంగా ఊళ్ల చేతిలో పెట్టి చూశారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. ఆ జూలై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ల సభలు బహిరంగంగా జరిగాయి. 12 సభలూ తవ్వకం వద్దన్నాయి. డోంగ్రియా కొంధులు ఆ కొండను నియమ్‌రాజాగా కొలుస్తారు. ఎంత ఇస్తారన్న బేరం దాకా మాటే రాలేదు.

కొండ విషయంలో అవును, కాదు అనే జవాబు సరిపోతుంది. శంఖిని బురద అలాంటిది కాదు, గని ఉన్నన్నాళ్లూ రోజూ కొంచెం కొంచెంగా వచ్చేది. గని మొదలయ్యే రోజున ఒకసారి ఇచ్చిన సమ్మతి, పదేళ్ల తర్వాత డ్యామ్ నిండినప్పుడు పొర్లే నీటికి కూడా వర్తిస్తుందా అన్నది ఏ తీర్మానంలోనూ ఉండదు. అక్కడ మళ్లీ పిగూ దగ్గరికే రావాలి. వాగులు శంఖినిలో కలిసే చోట్ల పైనా కిందా కొలిచే పరికరాలు, వాటి అంకెలు దిగువ ఊళ్ల సభలకు అందే ఏర్పాటు, టన్ను ఖనిజానికి కాక టన్ను బురదకు రుసుము ఉండాలి. జిల్లా ఖనిజ నిధికి టన్నుకు ఎంత జమైందన్న లెక్క ఇప్పటికే ఉంటుంది. ఆ పక్కనే ఏట్లోకి ఎన్ని టన్నుల బురద దిగిందన్న మరో గడి కావాలి.